32 మంది నర్సింగ్ విద్యార్థులతో ట్రయాజ్ మాక్ డ్రిల్ ఎలా పెట్టాలి (ఘాట్‌లో బస్సు బోల్తా కేసు, కార్డులతో సహా)

ప్రతి ఏడూ ప్రాక్టికల్స్ దగ్గర పడేసరికి నాకు ఇదే మెసేజ్ వస్తుంది. "మేడం, డిజాస్టర్ డ్రిల్ పెట్టమన్నారు, స్క్రిప్ట్ ఉంటే పంపుతారా?" స్క్రిప్ట్ లేదమ్మా, ఉండకూడదు కూడా. స్క్రిప్ట్ ఇస్తే పిల్లలు డైలాగులు బట్టీ పట్టి నాటకం వేస్తారు, ఎవరికి ఏ రంగు కట్టాలో ముందే తెలిసిపోతుంది, చివర్లో గ్రూప్ ఫొటో దిగి టిఫిన్‌కి పోతారు. మీకు కావాల్సింది 16 పేషెంట్ కార్డులు, వాటికి ముందే రాసిపెట్టుకున్న జవాబులు. మిగతాదంతా ఆ కార్డుల చుట్టూ తిరుగుతుంది. తిరుపతిలో ఒక కాలేజీలో నేను కొన్నేళ్లుగా పెడుతున్న పద్ధతి ఇది, మొదటి రెండుసార్లు బాగా చెడగొట్టి నేర్చుకున్నది. మీ దగ్గర పిల్లలు తక్కువుంటే పేషెంట్ల సంఖ్య తగ్గించుకోండి, రంగుల నిష్పత్తి మాత్రం మార్చకండి.

ముందు ఏ ప్రమాదం అనేది తేల్చుకోండి

నేను ఘాట్ రోడ్డులో ప్రైవేటు బస్సు బోల్తా తీసుకుంటాను. 2022 మార్చిలో భాకరాపేట ఘాట్‌లో నిశ్చితార్థానికి వెళ్తున్న బృందం బస్సు లోయలో పడింది గుర్తుందా, ఈ చుట్టుపక్కల పిల్లలకి అది విడిగా వివరించాల్సిన పని లేదు. పైగా బస్సు బోల్తాలో నాలుగు రంగులూ సహజంగా వస్తాయి: నడిచి బయటికొచ్చేవాళ్లు, కాలు విరిగినవాళ్లు, ఊపిరి అందనివాళ్లు, చనిపోయినవాళ్లు.

తొక్కిసలాట పెడదాం మేడం అని ప్రతి బ్యాచ్‌లో ఒకరైనా అడుగుతారు. నేను ఒప్పుకోను. 2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర 6 మంది పోయారు, ఈ ఊళ్లో అది ఇంకా పచ్చి గాయమే, మీ క్లాసులోనే ఆ రాత్రి అక్కడున్న ఇంటి పిల్ల ఉండొచ్చు. రెండో కారణం చదువుకి సంబంధించింది. తొక్కిసలాటలో ఎక్కువమందికి ఛాతీ నొక్కుకుపోయి ఊపిరి ఆగుతుంది, కాబట్టి కేసులన్నీ ఒకేలా ఉండి, మొదటిసారి చేసేవాళ్లకి పసుపు, ఎరుపు తేడా పట్టుకునే అభ్యాసం దొరకదు.

ఏం నేర్చుకోవాలి

నాలుగే పెట్టుకోండి, నాలుగూ కొలవగలిగేవి. "విపత్తు నిర్వహణపై అవగాహన" అని రాస్తే అది వచ్చిందో లేదో మీరు ఎలా చెప్తారు?

- ఒక్కో పేషెంట్ దగ్గర 30 సెకన్లకి అటూ ఇటూగా గడిపి రంగు కట్టి ముందుకు కదలగలగాలి.
- 16 మందిలో కనీసం 13 మందికి సరైన రంగు పడాలి.
- ఎరుపు పేషెంట్ ఒక్కరు కూడా ఆకుపచ్చ, పసుపు, నలుపులోకి జారకూడదు.
- ఆకుపచ్చ గుంపుని మళ్లీ ఒకసారి చూసి, ఎవరైనా దిగజారితే పట్టుకోవాలి.

కావాల్సినవి

నాలుగు రంగుల రిబ్బన్లు, ఒక్కోటి జానెడు ముక్కలుగా కత్తిరించినవి. గాంధీ రోడ్డులో అలంకరణ సామాను దుకాణాల్లో చుట్టలు దొరుకుతాయి, అచ్చు వేయించిన ట్యాగులు అక్కర్లేదు. ఆకుపచ్చవి 12, పసుపువి 12, ఎర్రవి 12, నల్లవి 8 పెట్టుకోండి, ఎందుకంటే తప్పు రంగు కట్టే స్వేచ్ఛ కూడా వాళ్లకి ఉండాలి. సరిగ్గా లెక్కపెట్టి ఇస్తే చివర్లో మిగిలిన రిబ్బన్ రంగు చూసి కట్టేస్తారు, నా మొదటి డ్రిల్‌లో సరిగ్గా అదే జరిగింది.

ఇంకా మందం చార్టు ముక్కలు, పిన్నీసులు, తెల్ల ప్లాస్టర్, రెండు స్ట్రెచర్లు (లేకపోతే దుప్పట్లు), కొన్ని పాత డ్రెస్సింగ్ ప్యాడ్లు, నేల మీద పరచడానికి మూడు రంగుల పట్టలు లేదా రంగు కాగితం అంటించిన స్టాండ్లు, స్టాప్‌వాచ్, విజిల్, "మాక్ డ్రిల్ జరుగుతోంది" అని పెద్ద అక్షరాలతో రెండు బ్యానర్లు.

నెత్తురు వేషం విషయంలో పిల్లలకి ఉత్సాహం ఎక్కువ. బీట్‌రూట్ రసంలో కొంచెం మొక్కజొన్న పిండి కలిపితే చాలు. చక్కెర పాకంతో చేయకండి, పది నిమిషాలు నేల మీద పడుకునే సరికి చీమలు పడతాయి, శవం లేచి గెంతుతుంది. కుంకుమ కలిపింది ముఖానికి వద్దు, కళ్లలో పడుతుంది. అసలు వేషానికి అరగంట మించి కేటాయించకండి, ట్రయాజ్ నేర్పేది నెత్తురు కాదు.

పాత్రలు

32 మందిని ఇలా పంచండి. పేషెంట్లు 16. ట్రయాజ్ జట్లు రెండు, జట్టుకి ఇద్దరు: ఒకరు చూసి రంగు చెప్తారు, రెండోవాళ్లు రిబ్బన్ కట్టి లెక్క రాస్తారు. స్ట్రెచర్ మోసేవాళ్లు 4. చికిత్స స్థలాల్లో 4: ఎరుపు దగ్గర ఇద్దరు, పసుపు దగ్గర ఒకరు, ఆకుపచ్చ దగ్గర ఒకరు. ఇంఛార్జి 1. అంబులెన్సులు పంపేవాళ్లు 1. పేషెంట్ల బంధువులు 2. మొత్తం 32. ట్యూటర్లు కనీసం ముగ్గురు కావాలి, జట్టు వెనక ఒక్కొక్కరు, ఆకుపచ్చ గుంపు దగ్గర ఒకరు. వాళ్లు నోరు విప్పకూడదు, ఇది పిల్లలకన్నా ట్యూటర్లకే కష్టం.

బంధువుల పాత్ర చిన్నదనుకోకండి. ఒకరు "మా నాయిన ఎక్కడ, మా నాయినకి ముందు చూడండి" అని జట్టు చెయ్యి పట్టుకుని లాగాలి. ఇంకొకరు కదలకుండా పడున్న కార్డు 5 పక్కన కూర్చుని ఏడవాలి. నిజమైన రోజున విద్యార్థిని తడబడేది నెత్తురు చూసి కాదు, ఈ ఏడుపు విని.

ఇంఛార్జి చేసేవాళ్లు ఎవరికీ రంగు కట్టకూడదు, ఎవరి నాడీ పట్టుకోకూడదు. వాళ్ల చేతిలో ఒక కాగితం, "ఎరుపు ఎన్ని, పసుపు ఎన్ని" అన్న అంకెలు మాత్రం. క్లాసులో బాగా చదివే అమ్మాయిని ఇంఛార్జిగా పెడితే ఆమె మోకాళ్ల మీద కూర్చుని కట్టు కట్టడం మొదలుపెడుతుంది, చూస్తుండండి. అందుకే నేను నలుగురిలో గొంతు పెద్దదున్న పిల్లని పెడతాను.

చేసే విధానం

1. రెండు రోజుల ముందు స్టార్ట్ పద్ధతి నేర్పండి, గంట చాలు.

ఈ పద్ధతిని 1983లో కాలిఫోర్నియాలోని న్యూపోర్ట్ బీచ్‌లో ఒక ఆసుపత్రి, అగ్నిమాపక శాఖ కలిసి తయారుచేశాయి. పిల్లలకి చరిత్ర అక్కర్లేదు, ఈ వరస నోటికి రావాలి:

- నడవగలిగితే ఆకుపచ్చ.
- నడవలేకపోతే ఊపిరి చూడండి. ఊపిరి లేకపోతే గాలి దారి తెరవండి. తెరిచాక కూడా ఊపిరి రాకపోతే నలుపు. వస్తే ఎరుపు.
- ఊపిరి నిమిషానికి 30 దాటితే ఎరుపు, అక్కడితో ఆపండి.
- 30 లోపే ఉంటే మణికట్టు నాడి. అందకపోతే ఎరుపు.
- నాడి ఉంటే ఒక చిన్న పని చెప్పండి, "నా చెయ్యి పిసకండి" లాంటిది. చేయలేకపోతే ఎరుపు, చేస్తే పసుపు.

గోరు నొక్కి రంగు 2 సెకన్లలో తిరిగొస్తుందా అని చూసే పద్ధతి కూడా ఉంది. చలిలో, చీకట్లో అది మోసం చేస్తుంది కాబట్టి నేను నాడికే పరిమితం చేస్తాను. ఊపిరిని నిమిషమంతా లెక్కపెట్టే టైం ఉండదు, 15 సెకన్లు చూస్తే చాలు, అందులో 8 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే 30 దాటినట్టే.

ట్రయాజ్ జట్టు చేయదగ్గ చికిత్స రెండే: గాలి దారి తెరవడం, ధారగా కారుతున్న నెత్తురు ఆపడం. మిగతాదంతా వెనక వచ్చేవాళ్ల పని.

2. కార్డులు రాయండి.

డ్రిల్‌లో సగం పని ఇదే. 16లో 6 ఆకుపచ్చ, 4 పసుపు, 4 ఎరుపు, 2 నలుపు. ప్రతి కార్డుకీ రెండు వైపులు: ఒక వైపు పేషెంట్ ఎలా నటించాలో ఆ పిల్లకి సూచన, రెండో వైపు సరైన రంగు, అది ట్యూటర్‌కే తెలియాలి.

ముఖ్యమైన చిక్కు ఒకటుంది. నటిస్తున్న పిల్ల నాడి ఎలాగూ కొట్టుకుంటూనే ఉంటుంది, నిమిషానికి 36 సార్లు ఊపిరి పీల్చమంటే కళ్లు తిరిగి పడిపోతుంది. కాబట్టి ఊపిరి అంకెని చార్టు ముక్క మీద రాసి ఛాతీ దగ్గర బోర్లించి పిన్నీసుతో గుచ్చండి. విద్యార్థి నిజంగా వంగి ఛాతీ కదలికని చూస్తేనే దాన్ని తిప్పి చూపించాలి. నాడి సంగతి మణికట్టు లోపలివైపు ప్లాస్టర్ మీద రాయండి, సరైన చోట వేలు పెట్టినవాళ్లకే కనిపిస్తుంది. ఈ చిన్న ఏర్పాటు చేయకపోతే ఎవరూ ఏమీ పరీక్షించరు, "అక్కా, నీది ఏ రంగు?" అని గుసగుసగా అడిగేస్తారు.

నేను వాడే వాటిలో బాగా పనిచేసేవి:

కార్డు 3. 45 ఏళ్ల మనిషి, తల ఛాతీ మీదికి వాలిపోయి ఉంది, ఊపిరి లేదు. గడ్డం ఎత్తితే గురక శబ్దంతో ఊపిరి మొదలవుతుంది. ఎరుపు. మెడకి దెబ్బ ఉంటుందేమో అని భయపడి ముట్టుకోకుండా నలుపు కట్టేస్తారు చాలామంది. మెడ కదలకుండా దవడ ముందుకు తోసి తెరవడం వస్తే అలాగే చేయమనండి, కానీ ఏదో విధంగా తెరవకుండా మాత్రం వెళ్లకూడదు.

కార్డు 5. పాతికేళ్ల కుర్రాడు, ఊపిరి లేదు, గాలి దారి తెరిచినా రాదు. పక్కన బంధువు ఏడుస్తోంది. నలుపు. ఒంటి మీద చిన్న గాయం కూడా కనపడకూడదు, అదే ఈ కార్డు పరీక్ష.

కార్డు 7. ఛాతీకి దెబ్బ, ఊపిరి 36. ఎరుపు. ఇక్కడ చూడాల్సింది ఒకటే, 36 అని తెలిశాక కూడా నాడి కోసం చెయ్యి పట్టుకున్నారా అని. పట్టుకుంటే ఆ 20 సెకన్లు ఇంకొకరివి.

కార్డు 9. తొడ నుంచి ధారగా నెత్తురు, ఊపిరి 26, మణికట్టు నాడి లేదు. ఎరుపు. జట్టు అక్కడే కూర్చుని నొక్కి పట్టుకుంటే పడిపోయినట్టే. దగ్గర్లో నడవగలిగిన వాళ్లని పిలిచి, ప్యాడ్ పెట్టి "అన్నా, ఇక్కడ గట్టిగా అదిమి పట్టుకో, వదలొద్దు" అని చెప్పి కదలాలి.

కార్డు 12. తలకి దెబ్బ, ఊపిరి 18, నాడి ఉంది, మూలుగుతుంది కానీ చెప్పిన పని చేయదు. ఎరుపు. అంకెలన్నీ బాగున్నాయని పసుపు కట్టేస్తారు.

కార్డు 11 మీద నాకు ప్రత్యేకమైన ఇష్టం. వేలూరు వైపు నుంచి వచ్చిన తమిళ అవ్వ, కాలు విరిగింది, ఊపిరి 22, నాడి ఉంది. తెలుగు రాదు. "చెయ్యి పిసకండి" అంటే అయోమయంగా చూస్తుంది, విద్యార్థి చేసి చూపిస్తే చేస్తుంది. సరైన రంగు పసుపు. తిరుపతిలో పనిచేసే నర్సుకి రోజూ తమిళం, కన్నడం, హిందీ మాట్లాడే భక్తులే ఎదురవుతారు, భాష తెలియకపోవడాన్ని స్పృహ లేకపోవడంగా లెక్కేస్తే ఎర్ర పట్ట నిండా పసుపు పేషెంట్లే ఉంటారు. "కైయ పుడింగ" అని ఒక మాట నేర్పినా మంచిదే, చేత్తో చేసి చూపించడం అన్ని భాషలకీ సరిపోతుంది.

కార్డు 13. ముప్పై ఏళ్ల అమ్మాయి, నడుచుకుంటూ వస్తుంది, ముందు సీటు కడ్డీ కడుపుకి తగిలింది. మొదట ఆకుపచ్చ, అది సరైనదే. 10 నిమిషాలయ్యాక ట్యూటర్ వెళ్లి ఆమె మణికట్టు ప్లాస్టర్ మార్చి "నాడి లేదు" అన్నది అంటించాలి, ఆమె నీళ్లు అడుగుతూ పక్కకి ఒరగాలి. ఎవరైనా చూస్తారా, ఎరుపుకి మారుస్తారా?

పసుపు 8, 10, 15, నలుపు 14, ఆకుపచ్చ 1, 2, 4, 6, 16 కార్డులు మీరే రాసుకోగలరు. ఆకుపచ్చవాళ్లలో ఒకరు చాలా గట్టిగా అరవాలి, ముంజేతికి చిన్న గాయంతో.

3. చెప్పాల్సినవాళ్లకి చెప్పండి.

ప్రిన్సిపాల్ అనుమతి, సెక్యూరిటీ, హాస్టల్ వార్డెన్, దగ్గర్లోని పోలీస్ స్టేషన్. గోడ మీంచి చూసినవాళ్లు నిజమనుకుని 108కి ఫోన్ చేస్తే నిజమైన అంబులెన్స్ ఒకటి వృథా అవుతుంది. ఫోన్లు తీసి ఒక పెట్టెలో పెట్టించండి. ఒక్క వీడియో చాలు, "తిరుపతి దగ్గర ఘోర బస్సు ప్రమాదం" అని మధ్యాహ్నానికి మీ చుట్టాలే మీకు పంపుతారు.

ముందు రోజు విడివిడిగా అడగండి, యాక్సిడెంట్‌లో ఇంట్లోవాళ్లని పోగొట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా, పేషెంట్‌గా పడుకోవడం ఇష్టం లేనివాళ్లు ఎవరైనా ఉన్నారా అని. వాళ్లకి లెక్క రాసే పని ఇవ్వండి, కారణం అడగొద్దు.

ఆపే మాట ఒకటి పెట్టండి. మేము "నిజంగా నిజం" అంటాం. ఎవరికైనా నిజంగా కళ్లు తిరిగినా, కాలు బెణికినా ఆ మాట అంటే విజిల్ వేసి అందరూ ఆగిపోవాలి. "నొప్పి, నొప్పి" అంటే నటన అనుకుంటారు కదా.

4. స్థలం, సమయం.

ఉదయం 7కి మొదలుపెట్టండి. ఎండాకాలం 9 దాటాక మన ఊళ్లో నేల మీద ఎవరినీ పడుకోబెట్టలేం. కాలేజీ బస్సు ఉంటే దాని పక్కన, లేకపోతే బెంచీలు అడ్డదిడ్డంగా వేసి బస్సనుకోమనండి. బస్సులోపలికి, కిందికి ఎవరినీ దూర్చకండి. పేషెంట్లని దాదాపు 20 అడుగుల మేర చెదిరినట్టు పడుకోబెట్టండి, ఇద్దరిని మాత్రం సులువుగా కనపడని చోట, బెంచీ వెనకో చెట్టు వెనకో పెట్టండి. చికిత్స పట్టలు 30 అడుగులు దూరంలో, ఆకుపచ్చ చోటు ఇంకా అవతల ఒక చెట్టు కింద.

5. మొదలుపెట్టండి.

విజిల్. స్టాప్‌వాచ్. జట్టు మొదటి పని ఎవరి దగ్గరికీ పరిగెత్తడం కాదు, దూరంగా నిలబడి గట్టిగా పిలవడం: "నడవగలిగినవాళ్లందరూ ఆ వేపచెట్టు దగ్గరికి రండి!" ఈ ఒక్క కేకతో 6 మంది లేచిపోతారు, మిగిలేది 10. రెండు జట్లు చెరి 5 మందిని చూస్తే, ఒక్కొక్కరికి అర నిమిషం, మధ్యలో నడకతో కలిపి 5 నిమిషాల్లో అయిపోవాలి. కేక వేయడం మర్చిపోయిన జట్టు 16 మంది చుట్టూ తిరిగి 12 నిమిషాలు తీసుకోవడం చూశాను.

రిబ్బన్ మణికట్టుకి లేదా చీలమండకి కట్టాలి, బట్టలకి కాదు. ఎరుపు దగ్గరికి చేరగానే బట్టలు కత్తిరిస్తారు, రంగు వాటితోనే పోతుంది.

జట్లు పని పూర్తిచేశాక అంకెలు ఇంఛార్జికి అరిచి చెప్పాలి. అప్పుడు స్ట్రెచర్లు, ముందు ఎరుపు. నల్ల రిబ్బన్ వాళ్లని కదిలించరు.

6. అంబులెన్సులు.

ఒక బోర్డు మీద రుయా, స్విమ్స్, బర్డ్ అని ఆసుపత్రుల పేర్లు రాసి, పక్కన మీరు ఊహించిన అంకె ఒకటి, ఇప్పుడు ఎన్ని ఎరుపులు తీసుకోగలరో రాయండి. రెండే అంబులెన్సులు ఉన్నాయని చెప్పండి. మొదటి బండిలో నలుగురు ఎరుపులనీ ఒకే ఆసుపత్రికి తోసేస్తే, ప్రమాదాన్ని రోడ్డు మీంచి క్యాజువాలిటీకి మార్చినట్టే. ఎముకలు మాత్రమే విరిగిన పసుపువాళ్లని ఎముకల ఆసుపత్రి అయిన బర్డ్ వైపు పంపాలని తట్టిందా లేదా గమనించండి.

20 నుంచి 25 నిమిషాల దగ్గర విజిల్ వేసి ఆపేయండి, ఎవరు మిగిలినా సరే.

7. రిబ్బన్లు విప్పనివ్వకండి.

ఇది చాలామంది చేసే తప్పు. విజిల్ వేయగానే పిల్లలు లేచి రిబ్బన్లు పీకేస్తారు, ఆ తర్వాత ఎవరికి ఏ రంగు కట్టారో ఎవరికీ గుర్తుండదు. రంగుతోనే వచ్చి గుండ్రంగా కూర్చోమనండి.

ఫలితం ఎలా చూడాలి

కార్డు నంబరు, సరైన రంగు, కట్టిన రంగు, ఇంతే పట్టిక. తప్పుల్ని రెండుగా విడగొట్టండి: ఉండాల్సిన దానికన్నా ఎక్కువ తీవ్రంగా చూపినవి, తక్కువ తీవ్రంగా చూపినవి.

మా ఒక బ్యాచ్ మొదటి రౌండ్ ఇలా వచ్చింది. 16లో 11 సరి. 4 ఎక్కువ: పసుపువాళ్లు ముగ్గురికి (తమిళ అవ్వతో సహా) ఎరుపు కట్టారు, అరిచిన ఆకుపచ్చకి పసుపు. 1 తక్కువ: కార్డు 12, తలదెబ్బ మనిషి, పసుపులో కూర్చున్నాడు. అంటే 69 శాతం సరి. వినడానికి ఫర్వాలేదనిపిస్తుంది. కానీ నేను ఆ నాలుగు ఎక్కువల గురించి రెండు నిమిషాలు మాట్లాడి, ఆ ఒక్క తక్కువ గురించి పది నిమిషాలు మాట్లాడాను. ఎక్కువ చూపితే ఎర్ర పట్ట దగ్గర రద్దీ పెరిగి నిజమైన ఎరుపువాళ్లకి ఆలస్యమవుతుంది, అది చెడ్డదే. తక్కువ చూపితే ఆ మనిషి దగ్గరికి చాలాసేపు ఎవరూ రారు. కార్డు 3కి నలుపు కడితే అసలు ఎవరూ రారు, అందుకే అది జరిగితే మిగతా 15 సరైనా నేను ఆ రౌండ్ పాస్ అనను.

టైం కూడా చూడండి. సగటు కాదు, అన్నిటికన్నా ఎక్కువసేపు ఎవరి దగ్గర ఆగిపోయారో చూడండి. మా దగ్గర దాదాపు ప్రతిసారీ అది కార్డు 5. సీపీఆర్ మొదలుపెట్టేస్తారు. వార్డులో అదే చేయమని మనమే నేర్పాం కదా, ఇక్కడ వద్దంటే చేతులు వినవు. ఒక విద్యార్థిని నల్ల రిబ్బన్ చేతిలో పట్టుకుని కట్టలేక అలాగే నిలబడిపోయింది, పక్కన బంధువు ఏడుస్తోంది, స్టాప్‌వాచ్ నాలుగు నిమిషాలు దాటింది. నటనే అని ఆమెకి తెలుసు.

చర్చలో అడగాల్సినవి

డ్రిల్ ఎంతసేపు జరిగిందో చర్చ కనీసం అంతసేపు ఉండాలి. ముందు పేషెంట్లు మాట్లాడాలి, ట్యూటర్ కాదు. నేల మీద పడున్నవాళ్లకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

- పేషెంట్లకి: మీ దగ్గరికి వచ్చినవాళ్లు మీతో ఏమన్నారు? ఏమీ అనకుండా రిబ్బన్ కట్టి వెళ్లిపోతే ఎలా అనిపించింది?
- ట్రయాజ్ జట్లకి: ఎవరిని వదిలి వెళ్లడం కష్టమైంది? ఎందుకు వెళ్లలేకపోయారు?
- కార్డు 7 దగ్గర మీరు ఏ అడుగులో ఆగిపోవచ్చు? మీరు ఏ అడుగు దాకా వెళ్లారు?
- అవ్వ మీ మాట వినలేదా, ఆమెకి అర్థం కాలేదా? తేడా ఎలా తెలుసుకోవచ్చు?
- ఆకుపచ్చ దగ్గరున్నవాళ్లకి: కార్డు 13 ఎప్పుడు మారింది? మీరు చివరిసారి ఆమెని ఎప్పుడు చూశారు?
- ఇంఛార్జికి: ఐదో నిమిషంలో మీ కాగితం మీద ఏ అంకెలున్నాయి? అవి ఎవరు చెప్పారు?
- బంధువులకి: మీతో ఎవరైనా ఒక్క వాక్యమైనా మాట్లాడారా?

"ఎందుకు అలా చేశావ్?" అని పేరు పెట్టి అడగకండి, నోరు మూసుకుంటారు. "ఆ నిమిషంలో నీకు ఏం కనిపించింది?" అనండి. కార్డు 12కి పసుపు కట్టిన అమ్మాయిని అలా అడిగితే, "ఆయన మూలిగాడు మేడం, జవాబు చెప్పాడనుకున్నా" అంది. తప్పు ఎక్కడుందో అప్పుడు నాకూ అర్థమైంది: మూలగడం పని చేయడం కాదు అని నేను క్లాసులో విడిగా చెప్పలేదు.

నల్ల రిబ్బన్ దగ్గర ఆగిపోయిన పిల్లని అందరి ముందూ మాట్లాడించకండి. టిఫిన్ దగ్గర పక్కన కూర్చోండి.

రెండో రౌండ్, పిల్లల కార్డులు

వీలైతే అదే ఉదయం పాత్రలు తారుమారు చేసి, కార్డు నంబర్లు, చోట్లు మార్చి ఇంకోసారి చేయండి. పాతవాటినే వాడితే జవాబులు గుర్తుంటాయి. చిన్నపిల్లల కార్డులు మొదటి రౌండ్‌లో పెట్టకండి, లెక్క వేరు: ఊపిరి నిమిషానికి 15 కన్నా తక్కువున్నా, 45 దాటినా ఎరుపు. ఊపిరి లేని పిల్లకి గాలి దారి తెరిచాక కూడా ఊపిరి రాకపోయినా, నాడి ఉంటే ఐదుసార్లు ఊపిరి ఊది చూసి, అప్పుడు కూడా రాకపోతేనే నలుపు. పెద్దవాళ్ల వరస చేతికి రాకముందే ఇది కలిపితే రెండూ కలిసిపోతాయి.

రెండు వారాల తర్వాత చెప్పకుండా ఒక పరీక్ష పెట్టండి. 3, 7, 11, 12, 5 కార్డులు బల్ల మీద బోర్లించి, స్టాప్‌వాచ్ పెట్టి, ఒక్కొక్కరిని పిలిచి రంగులు చెప్పమనండి. కార్డు 12 దగ్గర ఎవరైనా తడబడితే ఆ ఒక్క అడుగు మళ్లీ నేర్పండి, మొత్తం డ్రిల్ మళ్లీ పెట్టక్కర్లేదు.